టచ్‌స్క్రీన్‌లో ఒక్కచోటే టచ్ పోతే: డ్రైవర్, క్యాలిబ్రేషన్, ఉబ్బిన బ్యాటరీ

ల్యాప్‌టాప్ టచ్‌స్క్రీన్ మొత్తానికే పనిచేయకపోవడం ఒక సమస్య. తెరంతా బాగానే ఉండి, ఒక్క మూలలోనో ఒక్క పట్టీలోనో మాత్రం వేలు పెట్టినా చలనం లేకపోవడం ఇంకో సమస్య. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి కాబట్టి చాలామంది రెండింటికీ ఒకే వైద్యం చేస్తారు. రీస్టార్ట్ చేస్తారు, డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తారు, క్యాలిబ్రేషన్ నడుపుతారు. ఒక్కోసారి నిజంగానే టచ్ తిరిగి వస్తుంది, ఊపిరి పీల్చుకుంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ఊరట గురించే. ఒక రకం పరికరాల్లో అలా తిరిగి వచ్చిన టచ్, లోపల ఉబ్బుతున్న బ్యాటరీని ఇంకొన్ని రోజులు కంటికి కనబడకుండా దాచిపెడుతుంది.

ముందుగా తెర ఎలా పనిచేస్తుందో కొంచెం చూడాలి. గాజు కింద కంటికి కనిపించని సన్నటి వాహక గీతలు అడ్డంగా, నిలువుగా గళ్ల చీరలా పరుచుకుని ఉంటాయి. ఈ పొరనే డిజిటైజర్ అంటారు. ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కలిసే ప్రతి కూడలి దగ్గరా అతి కొద్దిపాటి విద్యుత్ చార్జి నిలిచి ఉంటుంది. వేలు దగ్గరికి రాగానే అందులో కొంత వేలివైపు మళ్లుతుంది, ఆ కూడలిలో కొలత తగ్గుతుంది. టచ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ఈ కూడళ్లన్నిటినీ సెకనులో ఎన్నోసార్లు చదువుతూ, ఎక్కడ తగ్గిందో చూసి, ‘ఫలానా చోట వేలు ఉంది’ అని విండోస్‌కు చెబుతుంది.

తగ్గిందని తెలియాలంటే దేనితో పోల్చాలి? వేలు లేనప్పుడు ఆ కూడలిలో మామూలుగా ఎంత ఉంటుందో కంట్రోలర్ దగ్గర ఒక లెక్క ఉంటుంది. దాన్ని బేస్‌లైన్ అంటారు. చాలా కంట్రోలర్లు కరెంటు అందిన ప్రతిసారీ ఆ లెక్కను కొత్తగా రాసుకుంటాయి, ఆ తర్వాత వేడిమి, తేమ మారుతున్న కొద్దీ నెమ్మదిగా సవరించుకుంటాయి. ఈ చిన్న విషయం గుర్తుంటే తర్వాత చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

డ్రైవర్ ఈ వరుసలో చాలా పైన ఉంటుంది. దానికి కూడళ్ల సంగతి తెలియదు. కంట్రోలర్ పంపిన స్థానాలను అందుకుని విండోస్‌కు అప్పగించడమే దాని పని. అది పాడైతే తెర మొత్తం మూగబోతుంది, లేదా అంతటా తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది. కుడివైపు కింద రెండు వేళ్ల వెడల్పు మాత్రమే వదిలేసి మిగతాదంతా చక్కగా నడపడం డ్రైవర్ లోపాల తీరు కాదు. ఒక్కచోట టచ్ పోయినప్పుడు డ్రైవర్‌ను రీసెట్ చేయడం తప్పేమీ కాదు. ఐదు నిమిషాల పని, ఖర్చు లేదు. కానీ అది బాగుచేస్తుందని ఎదురుచూడటం కంటే, దాన్ని ఒక పరీక్షగా చూడటం మంచిది.

తెరను తలకిందులు చేసే పరీక్ష

మెకానిక్ దగ్గరికి వెళ్లేలోపు ఇంట్లోనే తేల్చుకోగల విషయం ఒకటుంది: తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉందా, గాజు కింద ఉందా అన్నది. దానికి ఒక మౌస్ దగ్గర పెట్టుకోవాలి. పెయింట్ తెరిచి, తెర ఈ చివర నుంచి ఆ చివరకు వేలితో నెమ్మదిగా గీతలు గీయాలి. ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య ఒక వేలి వెడల్పు చాలు. గీత ఎక్కడ తెగుతోందో చూసి, ఆ చోటు అంచుల్లో స్కెచ్ పెన్నుతో రాసిన చిన్న కాగితం ముక్కలు అతికించాలి. గాజు మీద నేరుగా రాయడం వద్దు.

తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో `System`, `Display` లోకి వెళ్లి `Display orientation` దగ్గర `Landscape (flipped)` ఎంచుకోవాలి. బొమ్మ తలకిందులవుతుంది. `Keep changes` మౌస్‌తో నొక్కకపోతే 15 సెకన్లలో పాత స్థితికి వచ్చేస్తుంది, కంగారు పడక్కర్లేదు. ఇప్పుడు మళ్లీ గీతలు గీయాలి. పనిచేయని చోటు కాగితం ముక్కల మధ్యే ఉండిపోతే లోపం గాజులో, దాని వెనక, లేదా కంట్రోలర్‌లో ఉంది. బొమ్మతో పాటు అదీ ఎదుటి మూలకు వెళ్లిపోతే లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కనిపించకుండా తెర మీద పరుచుకుని కూర్చున్న ఏదో యాప్ కిటికీ టచ్‌ను మింగేస్తూ ఉంటుంది. అలాంటిది దొరికితే ఆ యాప్ మూసేస్తే కథ ముగిసినట్టే.

బొమ్మ నిటారుగా ఉండగానే చేయగల ఇంకో పరీక్ష కూడా ఉంది. సెట్టింగ్స్‌లో `Accessibility` కింద `Touch indicator` ఆన్ చేస్తే, వేలు పెట్టిన చోటల్లా ఒక వృత్తం కనిపిస్తుంది. పనిచేయని చోట వృత్తం కనిపించి బటన్ మాత్రం కదలకపోతే, టచ్ విండోస్ దాకా వచ్చిందన్నమాట. తప్పు యాప్‌ది. వృత్తమే రాకపోతే ఆ వేలి సంగతి కంట్రోలర్ పైకి చెప్పలేదు.

ఇక్కడే ఆ చోటు ఆకారాన్నీ గమనించాలి. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉన్న పట్టీ అయితే ఒక వరుస గీతలకు కనెక్షన్ తెగి ఉండవచ్చు. గాజు అంచున అతికించిన రిబ్బన్ కేబుల్ గానీ, దాని సాకెట్ గానీ వదులైతే ఇలా జరుగుతుంది. అంచులు సరిగ్గా లేని గుండ్రటి మచ్చలా ఉంటే, అందులోనూ వారం వారం కొద్దికొద్దిగా పెరుగుతూ ఉంటే, వెనక నుంచి ఏదో నొక్కుతోందని అనుమానించాలి.

చార్జర్ పెట్టినప్పుడు మాత్రమే టచ్ తిక్కగా ఉండి, తీయగానే ఆ క్షణంలోనే బాగైతే అది వేరే విషయం. ఎర్తింగ్ సరిగ్గా లేని ప్లగ్గు గానీ, నాసిరకం అడాప్టర్ గానీ పంపే విద్యుత్ రొదను కంట్రోలర్ వేలిగా పొరబడుతుంది, లేదా వేలిని గుర్తించలేకపోతుంది. మన ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ వైరు లేనివి చాలానే ఉంటాయి కాబట్టి, ఇంకో గదిలో, ఇంకో ప్లగ్గులో పెట్టి చూడటం మంచిది. ఉబ్బిన బ్యాటరీ వల్ల వచ్చే లోపం చార్జర్ తీసిన మరుక్షణం మాయం కాదు.

రెండు క్యాలిబ్రేషన్లు, ఒకటే పేరు

డ్రైవర్ రీసెట్ ఇలా చేస్తారు. `Device Manager` తెరిచి, `Human Interface Devices` కింద `HID-compliant touch screen` మీద కుడి క్లిక్ చేసి, `Disable device`, కొద్దిసేపాగి `Enable device`. దానితో మారకపోతే `Uninstall device` చేసి, పైన `Action` మెనూలో `Scan for hardware changes`. తర్వాత మెషీన్‌ను పూర్తిగా ఆపాలి. మామూలుగా `Shut down` నొక్కితే విండోస్ వేగంగా తెరుచుకోవడం కోసం తన స్థితిని కొంత దాచుకుని పడుకుంటుంది, నిజంగా కొత్తగా మొదలవదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది ఇస్తే పూర్తిగా ఆగుతుంది:

```
shutdown /s /t 0
```

ఇక క్యాలిబ్రేషన్. కంట్రోల్ ప్యానెల్‌లో `Tablet PC Settings` తెరిస్తే `Calibrate`, `Reset` అని రెండు బటన్లు ఉంటాయి. మొదటిది నొక్కితే తెర మీద ఒక్కోచోట ప్లస్ గుర్తు వస్తుంది, దాన్ని తాకుతూ పోవాలి. ఇది చేసే పని ఒక్కటే: కంట్రోలర్ చెప్పిన స్థానానికీ, బొమ్మలో నిజంగా తాకాలనుకున్న స్థానానికీ మధ్య ఉన్న జరుగుడును సరిదిద్దడం. వేలు ఒకచోట పెడితే అర సెంటీమీటరు పక్కన నొక్కుకుంటోంది అంటే ఇది పనికొస్తుంది. కంట్రోలర్ అసలు ఏమీ చెప్పని చోట సరిదిద్దడానికి ఏమీ ఉండదు. పైగా ప్లస్ గుర్తు ఆ పాడైన చోట వస్తే ఎన్నిసార్లు తాకినా ముందుకు కదలదు. అలా ఆగిపోతే, జబ్బు ఏమిటో క్యాలిబ్రేషనే చెప్పేసినట్టు.

ఎవరో తొందరలో అడ్డదిడ్డంగా క్యాలిబ్రేషన్ చేసి ఉంటే మాత్రం తెర అంచులు అందనట్టు అనిపించవచ్చు. అప్పుడు `Reset` నొక్కితే పాత లెక్క పోయి అంచులు తిరిగి వస్తాయి. క్యాలిబ్రేషన్ వల్ల పుట్టి, క్యాలిబ్రేషన్‌తోనే పోయే ‘పనిచేయని చోటు’ అదొక్కటే.

కంట్రోలర్ తనలో తాను చేసుకునే బేస్‌లైన్ లెక్కను కూడా క్యాలిబ్రేషన్ అనే పిలుస్తారు. ఇది విండోస్ చేసేదానికి ఏమాత్రం సంబంధం లేనిది. కంట్రోలర్‌కు కరెంటు ఆగి మళ్లీ అందినప్పుడు ఇది జరుగుతుంది. అందుకే పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు ఒక్కోసారి చచ్చిన చోట ప్రాణం వస్తుంది. జనం అది డ్రైవర్ వల్ల వచ్చిందనుకుంటారు, ఎందుకంటే అంతకు ముందు నిమిషమే డ్రైవర్ తీసేసి వేశారు. నిజానికి డ్రైవర్‌కు అందులో పాత్ర లేదు. కంట్రోలర్ ఇప్పుడున్న ఒత్తిడినే ‘మామూలు స్థితి’గా రాసుకుంది, అంతే.

వెనక నుంచి నొక్కే బ్యాటరీ

బ్యాటరీ టచ్‌ను ఎలా చెడగొడుతుందన్నది పరికరం నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. మామూలుగా మడతపెట్టే ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ చేతులు ఆనించే భాగం కింద ఉంటుంది, తెర మూతలో ఉంటుంది. అది ఉబ్బితే మొదట టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంది, దాని క్లిక్ గట్టిపడుతుంది, మూత సరిగ్గా మూసుకోదు. బలవంతంగా మూస్తే ఆ ఉబ్బు గాజుకు ఒత్తుకుంటుంది. ఈ రకంలో తెర మీద పట్టీలా టచ్ పోతే ముందు అనుమానించాల్సింది మూత కీలు గుండా వెళ్లే కేబుల్‌నే. గీత గీస్తూ మూతను నెమ్మదిగా ముందుకూ వెనక్కూ వంచితే, ఏదో ఒక కోణంలో పట్టీ వచ్చి పోతుంటే కేబుల్ అని దాదాపు తేలిపోయినట్టే.

కీబోర్డు విడిగా ఊడివచ్చే డిటాచబుల్ రకాల్లో, ఉదాహరణకు సర్ఫేస్ ప్రో తరహా పరికరాల్లో, పరిస్థితి వేరు. అక్కడ బ్యాటరీ, మదర్‌బోర్డు అన్నీ తెర వెనకే, కొన్ని మిల్లీమీటర్ల జాగాలో సర్దుకుని ఉంటాయి. బ్యాటరీ ఉబ్బితే పోవడానికి చోటు లేదు. వెనక లోహపు పలక వంగదు కాబట్టి ఒత్తిడంతా ముందుకు, తెర మీదకే వస్తుంది. ఎల్‌సీడీలోని వాహక పొరలు ఆ భాగంలో డిజిటైజర్‌కు కాస్త దగ్గరగా జరిగినా కూడళ్లలో చార్జి కొలత మారిపోతుంది. వేలు పెట్టినప్పుడు కనిపించాల్సిన తేడా ఆ మార్పులో కలిసిపోతుంది. ఒత్తిడి ఇంకా పెరిగితే పొరలను అతికించిన జిగురు ఊడిపోతుంది, పెళుసుగా ఉండే వాహక గీతలు చిట్లుతాయి. చిట్లిన తర్వాత బ్యాటరీ మార్చినా ఆ గీతలు తిరిగి రావు.

ఎందుకు ఉబ్బుతుంది? ఈ బ్యాటరీలు గట్టి డబ్బాలో కాకుండా అల్యూమినియం పొర ఉన్న మెత్తటి సంచిలో ఉంటాయి. లోపలి ద్రావణం కాలంతో పాటు విచ్ఛిన్నమై కొద్దికొద్దిగా వాయువు పుడుతుంది. ఎక్కువ వేడి, ఎప్పుడూ 100 శాతం దగ్గర నిలిచి ఉండే చార్జి, ఈ రెండూ కలిస్తే ఆ పని వేగం పుంజుకుంటుంది. మే నెలలో కౌంటర్ మీద పగలంతా చార్జర్‌కు తగిలించి ఉంచే మెషీన్‌కు ఈ రెండూ పుష్కలంగా దొరుకుతాయి.

అలాంటి ఒక సందర్భాన్నే ఊహించి, మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. విజయవాడలో ఒక మందుల షాపు. బిల్లింగ్‌కు నాలుగేళ్ల నాటి డిటాచబుల్ వాడుతున్నారు. రోజుకు పన్నెండు గంటలు చార్జర్‌లోనే ఉంటుంది. బిల్లు సేవ్ చేసే బటన్ తెరలో కుడివైపు కింద ఉంది. పదిహేను రోజులుగా అక్కడ రెండు మూడుసార్లు తాకితే గానీ నొక్కుకోవడం లేదు, ఇప్పుడు అసలే నొక్కుకోవడం లేదు. కౌంటర్‌లో కుర్రాడు క్యాలిబ్రేషన్ మొదలుపెట్టాడు, ఆ మూలలో ప్లస్ గుర్తు దగ్గర ఆగిపోయింది. `Esc` కొట్టి బయటికొచ్చాడు. డ్రైవర్ తీసేసి వేశాడు, రాత్రి పూర్తిగా ఆపేసి వెళ్లాడు. పొద్దున తెరిస్తే ఆ బటన్ చక్కగా పనిచేసింది. పదకొండు గంటలకల్లా మళ్లీ పోయింది.

ఈ కథలో అన్నిటికంటే విలువైన ఆధారం ఆ ఉదయపు గంటన్నర. రాత్రంతా మెషీన్ చల్లబడింది, సంచిలోని వాయువు కాస్త కుదించుకుంది, పొద్దున కరెంటు అందగానే కంట్రోలర్ కొత్త బేస్‌లైన్ రాసుకుంది. వేడెక్కి ఒత్తిడి పెరిగే కొద్దీ ఆ లెక్క తప్పిపోయింది. సాఫ్ట్‌వేర్ లోపానికి ఇంత క్రమబద్ధమైన వేడిమి సంబంధం ఉండదు.

తెర తలకిందులు చేస్తే పనిచేయని చోటు కదలలేదు. కాబట్టి లోపం గాజు వైపే. మెషీన్ ఆపి, చార్జర్ తీసి, స్టాండు మూసి, తెర పైకి ఉండేలా చదునైన గాజు బల్ల మీద పెడితే ఒక మూల కొద్దిగా ఊగుతోంది. స్టీలు స్కేలును నిలువుగా వెనక పలక మీద ఆనించి చూస్తే పెద్ద వంపు లేదు, తెర మీద ఆనించి చూస్తే మాత్రం స్కేలు మధ్యలో ఆని రెండు చివర్లలో వెలుగు కనబడుతోంది. కుడి అంచున గాజుకూ ఫ్రేముకూ మధ్య మామూలు కాగితం చొరబడుతోంది, ఎడమ అంచున చొరబడటం లేదు. తెర తెల్లగా పెట్టి చూస్తే కుడివైపు కింద కాస్త పసుపు పచ్చని మెరుపు మచ్చ కనిపిస్తోంది. ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి ఉన్నా జాగ్రత్తపడాలి. రెండు కనిపించాయంటే ఇక పరీక్షలు ఆపేయాలి. వేలితో నొక్కి చూడటం మాత్రం ఏ దశలోనూ చేయకూడదు. ఉబ్బిన సంచిని నొక్కితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

చాలామంది ఈ దశలో బ్యాటరీ రిపోర్టు చూస్తారు:

```
powercfg /batteryreport
```

ఇందులో `DESIGN CAPACITY`, `FULL CHARGE CAPACITY` అంకెలు దొరుకుతాయి. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ ముసలిదైందని తెలుస్తుంది. కానీ అంకెలు బాగున్నంత మాత్రాన ఉబ్బలేదని చెప్పలేం. ఆ రిపోర్టుకు చార్జి తెలుసు, మందం తెలియదు. ఈ విషయంలో స్కేలూ కాగితం ముక్కే నమ్మదగినవి.

షాపు వాళ్లు చేయాల్సింది ఇదీ. చార్జర్ మళ్లీ పెట్టకూడదు. మెషీన్ వేడిగా లేకుండా, తీయటి ద్రావకం లాంటి వాసన ఏమీ లేకుండా ఉంటే, ఉన్న చార్జితోనే బిల్లింగ్ డేటాను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని ఆపేయాలి. టైల్స్ నేల మీద, కాగితాలకూ కర్టెన్లకూ మందుల స్పిరిట్‌కూ దూరంగా ఉంచాలి. వాసన గానీ, బుస్సుమనే శబ్దం గానీ, పొగ గానీ వస్తే డేటా సంగతి వదిలేసి జనాన్ని బయటికి పంపి ఫైర్ సర్వీసుకు ఫోన్ చేయాలి. ఫ్రీజర్‌లో పెడితే తగ్గుతుందని, సూదితో గుచ్చి గాలి తీయొచ్చని చెప్పే మాటలు ఎక్కడ విన్నా పట్టించుకోవద్దు. గుచ్చితే నిప్పు అంటుకుంటుంది.

రిపేరుకు ఇచ్చేటప్పుడు మొదటి మాటగా ‘బ్యాటరీ ఉబ్బింది’ అనే చెప్పాలి, ‘టచ్ పోయింది’ అని కాదు. ఈ రెండు మాటలకూ మధ్య వేల రూపాయల తేడా ఉంటుంది. టచ్ పోయిందంటే తెర మార్చాలంటారు. కొత్త తెరను అదే ఉబ్బు మీద అతికిస్తే అదీ కొన్ని వారాల్లో అదే మూలలో చచ్చిపోతుంది. ఈ రకం మెషీన్లలో తెర జిగురుతో అతికించి ఉంటుంది కాబట్టి, వేడి చేసి గాజును పైకి లేపితే గానీ బ్యాటరీ దాకా చేరలేరు. ఒత్తిడిలో ఉన్న గాజు లేపేటప్పుడు పగిలే అవకాశమూ ఉంది, దాని ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి. ఇది ఇంట్లో హెయిర్ డ్రయర్‌తో చేసే పని కాదు. ఆ వేడి నేరుగా ఉబ్బిన సంచికే తగులుతుంది.

ఊళ్లోనే చేసేవారు దొరికితే మంచిది. పాడైన లిథియం బ్యాటరీలను విమానంలో పంపడానికి అనుమతి లేదు, కాబట్టి బ్యాటరీతో ఉన్న మెషీన్‌ను మామూలు కొరియర్‌లో వేరే నగరానికి పంపడం కుదరని పని, ప్రమాదం కూడా. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే, అందువల్ల దాన్ని తీసుకోమని సర్వీస్ సెంటర్‌ను అడగవచ్చు.

బ్యాటరీ మార్చి తెర తిరిగి అతికించాక, బయటికి వచ్చే ముందు కౌంటర్ దగ్గరే పెయింట్ తెరిచి అవే గీతలు గీసి చూడాలి. అరగంట నడిచి వేడెక్కాక మరోసారి గీయాలి. వాహక గీతలు చిట్లకపోయి ఉంటే టచ్ మొత్తం తిరిగి వస్తుంది. జిగురు ఊడిన అంచున సన్నటి చంద్రవంక అంత చోటు మొద్దుబారి మిగిలిపోతే, సేవ్ బటన్‌ను అందుకోవడానికి అది అడ్డుకానంత వరకు తెర మార్చనక్కర్లేదు. రోజంతా ప్లగ్గులో ఉండే మెషీన్ కాబట్టి, చార్జి పరిమితి పెట్టే సదుపాయం ఉంటే వెంటనే ఆన్ చేయాలి. మోడల్‌ను బట్టి అది విండోస్ కంటే ముందు తెరుచుకునే యూఈఎఫ్‌ఐ సెట్టింగ్స్‌లో గానీ, కంపెనీ ఇచ్చిన యాప్‌లో గానీ ఉంటుంది. పరిమితి కొన్నిటిలో 50 శాతం, కొన్నిటిలో 80 శాతం. నెలకోసారి, మెషీన్ చల్లగా ఉన్నప్పుడు, ఆ స్టీలు స్కేలునే మళ్లీ తెర మీద ఆనించి చూసుకుంటే చాలు.